తెగిన చుట్టును కలిపే షరతు

హైదరాబాద్‌లో ఉండే ఒక మెడికల్ రిప్రజెంటేటివ్ ఐదు ఊళ్లు తిరిగి రావాలనుకుందాం. వరంగల్, కరీంనగర్, విజయవాడ, గుంటూరు, ఏలూరు. ఏ ఊరికీ రెండోసారి వెళ్లకూడదు, చివరికి ఇల్లు చేరాలి, కారు తిరిగే దూరం వీలైనంత తగ్గాలి. ఏ ఊరి తర్వాత ఏ ఊరు?

ఆరు ఊళ్లే కాబట్టి కాగితం మీద అన్ని దారులూ రాసి చూడొచ్చు. బయలుదేరే ఊరు ఖాయం, మిగతా ఐదింటిని 120 వరుసల్లో పెట్టొచ్చు. ఒకే చుట్టును ఇటు నుంచి తిరిగినా అటు నుంచి తిరిగినా దూరం ఒక్కటే కనుక అందులో సగం, అంటే 60 చుట్లు చూస్తే చాలు. కానీ ఊళ్లు 15 అయితే చుట్లు 4,358 కోట్లు దాటుతాయి. ఆ పైన ఒక్కో ఊరు చేరేకొద్దీ ఈ లెక్క ఎంత వేగంగా పెరుగుతుందంటే, అన్నీ చూసి తేల్చుకునే పద్ధతిని పక్కన పెట్టాల్సిందే. దీనికే ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్య అని పేరు. దాన్ని పట్టుకోవడానికి గణితజ్ఞులు వేరే దారి వెతికారు. చుట్లను లెక్కపెట్టడం మానేసి, చుట్టు అంటే ఏమిటో షరతులుగా రాసి పెట్టారు. ఆ రాతలో ఒక షరతు చాలా తేలిక, రెండోదే అసలు చిక్కు.

తేలిక దానితో మొదలుపెడదాం. ఆరు ఊళ్ల మధ్య జతలు 15 ఉంటాయి. ఒక్కో జతకు ఒక్కో స్విచ్ ఉందనుకోవాలి. హైదరాబాద్ నుంచి వరంగల్‌కు నేరుగా వెళ్లేట్లయితే ఆ స్విచ్ విలువ 1, లేకపోతే 0. మధ్యస్థంగా ఏమీ ఉండకూడదు. పూర్ణాంకాలు మాత్రమే ఒప్పుకునే ఇలాంటి లెక్కను ఇంటీజర్ ప్రోగ్రామ్ అంటారు. ఆన్ అయిన స్విచ్‌ల దూరాలన్నీ కూడితే ప్రయాణం మొత్తం వస్తుంది. దాన్ని తగ్గించడమే లక్ష్యం.

తగ్గించమని మాత్రమే అడిగితే జవాబు సున్నా కిలోమీటర్లు, అసలు బయలుదేరకపోవడమే. అందుకే షరతు కావాలి. ప్రతి ఊరికీ ఒక దారిన వస్తాం, ఇంకో దారిన వెళ్తాం. కాబట్టి ఏ ఊరు తీసుకున్నా దాన్ని తాకే స్విచ్‌లలో సరిగ్గా రెండే ఆన్ అయి ఉండాలి. గణితంలో ఇది ఒక్క వరుస, ప్రతి ఊరు `i` కీ ఒకటి:

```
Σ x(i,j) = 2
```

ఆరు ఊళ్లకు ఆరు సమీకరణాలు. చూడగానే పని అయిపోయిందనిపిస్తుంది. ఈ సమస్యను మొదటిసారి ఇలా రాసే విద్యార్థులు చాలామంది ఇక్కడే ఆగి, జవాబు చూసి తెల్లబోతారు.

ఎందుకో మన ఆరు ఊళ్లే చెబుతాయి. రోడ్డు దూరాలను లెక్క సులువు కోసం గుండు అంకెలుగా తీసుకుందాం. హైదరాబాద్ నుంచి వరంగల్‌కు 145 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి కరీంనగర్‌కు 165, వరంగల్ నుంచి కరీంనగర్‌కు 75. కృష్ణా తీరం వైపు విజయవాడ నుంచి గుంటూరుకు 35, విజయవాడ నుంచి ఏలూరుకు 60, గుంటూరు నుంచి ఏలూరుకు 95. ఈ రెండు గుంపుల మధ్య మాత్రం అన్నీ పెద్ద దూరాలే. వాటిలో తక్కువది వరంగల్ నుంచి విజయవాడకు, 240. వరంగల్ నుంచి ఏలూరుకు 250, హైదరాబాద్ నుంచి గుంటూరుకు 270, హైదరాబాద్ నుంచి విజయవాడకు 275.

ప్రతి ఊరికీ రెండు దారులు ఉండాలన్న ఒక్క షరతుతో ఈ లెక్కను కంప్యూటర్‌కు ఇస్తే అది 575 కిలోమీటర్లని చెబుతుంది. ఆన్ చేసిన స్విచ్‌లు చూస్తే విషయం బయటపడుతుంది. హైదరాబాద్, వరంగల్, కరీంనగర్ కలిసి ఒక త్రిభుజం, అందులో 385 కిలోమీటర్లు. విజయవాడ, గుంటూరు, ఏలూరు కలిసి ఇంకో త్రిభుజం, అందులో 190. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఒక్క దారి కూడా లేదు. మన రిప్రజెంటేటివ్ కరీంనగర్ దాకా వెళ్లి ఇంటికి వచ్చేస్తాడు. విజయవాడ వైపు చుట్టును ఎవరు తిరుగుతారో ఎవరికీ తెలియదు.

కంప్యూటర్ తప్పు చేయలేదు, అడిగినదే ఇచ్చింది. ఆరు ఊళ్లలో ఏది చూసినా తనకు అతి దగ్గరగా ఉన్న రెండు ఊళ్లతోనే కలిసి ఉంది. అంతకంటే తక్కువ రావడం సాధ్యం కాదు. ప్రతి ఊరికీ రెండు దారులన్న షరతు కూడా ఎక్కడా తప్పలేదు. ఆ షరతుకు కనిపించేది ఒక్కో ఊరి గుమ్మం మాత్రమే, ఊళ్లన్నీ ఒకే దండగా కూర్చారా లేదా అన్నది దాని చూపుకు అందదు. ఇలా విడిగా మిగిలిపోయే చిన్న చుట్టునే సబ్‌టూర్ అంటారు. తెలుగులో చిన్నచుట్టు అందాం.

దీన్ని ఎలా ఆపాలి? వరంగల్ వైపు మూడు ఊళ్ల చుట్టూ ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. ఆరు ఊళ్లూ తిరిగే నిజమైన ప్రయాణం ఏదైనా ఆ గీతను కనీసం ఒకసారి దాటి బయటికి వెళ్లాలి, కనీసం ఒకసారి దాటి లోపలికి రావాలి. అంటే గీతను దాటే స్విచ్‌లు రెండుకు తక్కువ ఉండకూడదు. పై జవాబులో అవి సున్నా. ఈ ఒక్క మాటే చిన్నచుట్టును తొలగించే షరతు. గీత లోపలి ఊళ్లను `S` అంటే, దాన్ని ఇలా రాస్తారు:

```
Σ x(i,j) ≥ 2      (i ∈ S, j ∉ S)
```

ఇదే షరతును గీత లోపలి నుంచి కూడా చెప్పొచ్చు. మూడు ఊళ్ల మధ్య మూడు దారులు పడితేనే త్రిభుజం మూసుకుంటుంది, కాబట్టి లోపల రెండు దారులకు మించి ఒప్పుకోకూడదు. లోపల ఎన్ని ఊళ్లుంటే వాటి కంటే ఒకటి తక్కువ దారులు. పుస్తకాల్లో ఈ రెండు రూపాలూ కనిపిస్తాయి. ప్రతి ఊరికీ రెండు దారులన్న సమీకరణాలు పక్కన ఉన్నంత కాలం రెండింటి అర్థం ఒక్కటే.

ఆ ఒక్క వరుస చేర్చి మళ్లీ లెక్క వేస్తే జవాబు మారిపోతుంది. హైదరాబాద్ నుంచి కరీంనగర్, అక్కడి నుంచి వరంగల్, వరంగల్ నుంచి నేరుగా ఏలూరు, తర్వాత విజయవాడ, గుంటూరు, మళ్లీ హైదరాబాద్. మొత్తం 855 కిలోమీటర్లు. ముందటి కంటే 280 ఎక్కువ, కానీ ఇది నిజంగా తిరగగలిగే ప్రయాణం. ఒక విషయం గమనించాలి. రెండు గుంపుల మధ్య అన్నిటికంటే దగ్గరి దారి వరంగల్ నుంచి విజయవాడకు ఉన్న 240 కిలోమీటర్లు. ఉత్తమ ప్రయాణంలో దానికి చోటే దక్కలేదు. దాన్ని పట్టుకుంటే గుంటూరు, ఏలూరుల మధ్య 95 కిలోమీటర్లు కూడా తిరగాల్సి వచ్చి మొత్తం 905కు చేరుతుంది. దగ్గరి దారే మంచిదనుకుంటూ ఊరికి ఊరు ఎంచుకుపోయే అలవాటు ఇలాంటి చోటే నష్టం చేస్తుంది.

ఆరు ఊళ్లను మూడేసి చొప్పున రెండుగా విడదీయడానికి 10 మార్గాలున్నాయి. రెండు ఊళ్ల మధ్య ఒక స్విచ్చే ఉంటుంది కనుక రెండు ఊళ్లతో చుట్టు ఏర్పడదు. కాబట్టి అన్ని చిన్నచుట్లనూ ముందే నిషేధించాలంటే 10 షరతులు చాలు. మనకు వాటిలో అవసరం పడింది ఒక్కటే.

ఈ తేడాలోనే 1954 నాటి గొప్ప విజయం దాగి ఉంది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాంటా మోనికా అనే ఊళ్లో ర్యాండ్ కార్పొరేషన్ అనే పరిశోధన సంస్థ ఉంది. అక్కడ జార్జ్ డాంట్‌జిగ్, రే ఫుల్కర్సన్, సెల్మర్ జాన్సన్ అనే ముగ్గురు 49 నగరాల సమస్యను పట్టుకున్నారు. అప్పటికి అమెరికాలో 48 రాష్ట్రాలు. రాష్ట్రానికో నగరం, దానికి తోడు రాజధాని వాషింగ్టన్. దూరాలను రోడ్డు అట్లాస్ నుంచి తీసుకున్నారు. వాషింగ్టన్ నుంచి బోస్టన్‌కు వెళ్లే దారిలో బాల్టిమోర్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ వంటి ఏడు నగరాలు వరసగా పడటం చూసి, వాటిని పక్కన పెట్టి 42 నగరాలతో లెక్క చేశారు. ఏడింటినీ తర్వాత ఆ దారిలోనే కలుపుకోవచ్చు.

42 నగరాలకు స్విచ్‌లు 861. చేత్తో చేసే లెక్కకు అది బరువే, అయినా అసలు భయం అక్కడ లేదు. 42 నగరాలను రెండు గుంపులుగా విడదీసే మార్గాలు సుమారు 2 లక్షల 20 వేల కోట్లు. గుంపుకో షరతు చొప్పున అన్నీ రాయాలంటే ప్రపంచంలోని కాగితం చాలదు. ముగ్గురూ వాటిని రాయలేదు. కొయ్య పలక మీద మేకులు కొట్టి, వాటి చుట్టూ దారం తిప్పి, ముందుగా ఒక మంచి చుట్టును కంటితో ఎంచుకున్నారు. తర్వాత లెక్క మొదలుపెట్టి, జవాబులో ఎక్కడ చిన్నచుట్టు కనబడితే అక్కడ మాత్రమే షరతు చేర్చారు. మళ్లీ లెక్క, మళ్లీ ఇంకో షరతు. లక్షల కోట్లలోంచి వాళ్లకు కావలసి వచ్చినవి కొన్ని పదుల్లోపే. అవి చేరేసరికి దారంతో వేసిన చుట్టు కంటే చిన్నది ఉండదని రుజువైంది. 49 నగరాల ప్రయాణం పొడవు 12,345 మైళ్లు. వరస అంకెలు చూసి కట్టుకథ అనుకోవద్దు, లెక్కలో వచ్చిన అంకే అది.

రుజువు అన్న మాట మీద కాసేపు ఆగాలి. మంచి చుట్టును కంటితో, అనుభవంతో పట్టుకోవచ్చు. పాత డ్రైవర్లకు ఆ విద్య బాగా తెలుసు. అంతకంటే మంచిది లేదని చెప్పడం మాత్రం వేరే పని. షరతుల పద్ధతిలో ఆ బలం ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. కొన్ని షరతులే పెట్టి వేసిన లెక్క ఎప్పుడూ అసలు జవాబు కంటే తక్కువ గానో సమానం గానో వస్తుంది, ఎందుకంటే షరతులు తక్కువైతే స్వేచ్ఛ ఎక్కువ. మన ఉదాహరణలో మొదట 575 వచ్చింది. అప్పుడే మనకు ఒక నిజం చేతికి వచ్చింది, ఏ ప్రయాణమూ 575 కంటే చిన్నది కాదు. షరతు చేర్చగానే ఆ హద్దు 855కు లేచింది, అదే పొడవు ఉన్న నిజమైన చుట్టు కూడా దొరికింది. కింది నుంచి లేచే హద్దూ, చేతిలో ఉన్న చుట్టూ ఒకే అంకె దగ్గర కలిసిన క్షణమే రుజువు పూర్తయినట్టు. రాయకుండా వదిలేసిన మిగతా తొమ్మిది షరతుల గురించి బెంగ అక్కర్లేదు. దొరికిన చుట్టు వాటన్నిటినీ దానంతట అదే పాటిస్తుంది.

ఇప్పటిదాకా ఒక చిక్కును పక్కన పెట్టాం. స్విచ్ 0 గానీ 1 గానీ కావాలన్న నియమాన్ని నేరుగా పాటిస్తూ లెక్క చేయడం కష్టం. డాంట్‌జిగ్ 1947లో కనిపెట్టిన సింప్లెక్స్ పద్ధతి సరళ సమీకరణాలను చక్కగా పరిష్కరిస్తుంది, కానీ దానికి భిన్నాలంటే అభ్యంతరం లేదు. స్విచ్ సగం ఆన్ అయినా ఊరుకుంటుంది. అందుకని ముందు భిన్నాలను ఒప్పుకుని లెక్క చేసి, తర్వాత వాటిని వదిలించుకుంటూ పోవడమే ఆచరణలో ఉన్న మార్గం.

భిన్నాలు వచ్చినప్పుడు చిన్నచుట్టును పట్టుకోవడం కంటికి అందే పని కాదు. ఒక దారి 1/2, ఇంకోటి 1/3, వేరేది 2/3 ఉంటే ఎక్కడ తెగిందో ఎలా చెప్పాలి? ఇక్కడ కాలువల లెక్క అక్కరకొస్తుంది. ప్రతి దారినీ ఒక కాలువ అనుకుని, స్విచ్ విలువను దాని వెడల్పు అనుకోవాలి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అన్ని కాలువల్లోనూ కలిపి గరిష్ఠంగా ఎంత నీరు పారుతుందో చూడాలి. అది 2 కంటే తగ్గితే, మధ్యలో ఎక్కడో ఒక ఇరుకు ఉన్నట్టే. ఆ ఇరుకుకు ఒక పక్కనున్న ఊళ్లే మనం గీత గీయాల్సిన గుంపు. ఈ ప్రవాహ సూత్రాన్ని 1950ల్లో లెస్టర్ ఫోర్డ్‌తో కలిసి రూపొందించింది కూడా ఆ ముగ్గురిలోని ఫుల్కర్సనే. దీని పుణ్యాన లక్షల కోట్ల షరతుల్లో ఏది తప్పిందో ఒక్కొక్కటీ చూడకుండానే, కంప్యూటర్ త్వరగా తేల్చేస్తుంది. షరతుల సంఖ్య విపరీతంగా ఉన్నా పద్ధతి పనిచేస్తోందంటే కారణం ఇదే.

అయినా చిన్నచుట్టు షరతులన్నీ పాటించినా భిన్నాలు మిగిలిపోయే సందర్భాలున్నాయి. మన ఊళ్ల పేర్లతోనే ఆ ఆకారాన్ని గీయొచ్చు. రెండు త్రిభుజాల్లోని ఆరు దారులనూ సగం సగం ఆన్ చేయండి. హైదరాబాద్‌ను గుంటూరుతో, వరంగల్‌ను విజయవాడతో, కరీంనగర్‌ను ఏలూరుతో పూర్తిగా కలపండి. ప్రతి ఊరికీ సగం, సగం, ఒకటి కలిపి రెండు అవుతాయి. ఏ గుంపు చుట్టూ గీత గీసినా దాటేవి రెండుకు తగ్గవు. త్రిభుజం చుట్టూ గీస్తే మూడు దాటుతాయి. షరతులు ఒక్కటీ తప్పలేదు, కానీ సగం దారిలో ఎవరూ కారు నడపలేరు. మన దూరాల్లో ఇది ఖరీదైన అమరిక కాబట్టి ఎదురవదు. పెద్ద పటాల్లో మాత్రం ఇలాంటివి తరచూ తగులుతాయి. గుట్టు ఆ మూడులోనే ఉంది. బయటికి వెళ్లిన చుట్టు లోపలికి వచ్చి తీరాలి కనుక గీతను దాటే దారుల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యే. ఆ నిజాన్ని వాడుకుని ఇంకో రకం షరతులు రాస్తారు. 1954లో కూడా ఆ ముగ్గురికి చిన్నచుట్టు షరతులకు తోడు అలాంటివి రెండు కావలసి వచ్చాయి. అవీ చాలనప్పుడు ఒక దారిని ఎంచుకుని, అది 0 అయితే ఒక లెక్క, 1 అయితే ఇంకో లెక్క అని చీల్చి రెండూ చూస్తారు.

ఇన్ని షరతుల గొడవ లేకుండా తేలిగ్గా రాయలేమా అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. రాయొచ్చు. 1960లో మిల్లర్, టకర్, జెమ్లిన్ అనే ముగ్గురు ఒక చక్కని ఉపాయం చూపారు. బయలుదేరే ఊరు కాక మిగతా ప్రతి ఊరికీ `u` అనే వరస నంబరు ఇవ్వాలి. ఇక్కడ దారికి దిశ ఉంటుంది. `i` నుంచి `j` కు వెళ్తే `j` నంబరు `i` నంబరు కంటే కనీసం ఒకటి ఎక్కువ కావాలి. `n` ఊళ్లకు ఆ షరతు ఇదీ:

```
u(i) - u(j) + n·x(i,j) ≤ n - 1
```

ఇల్లు లేని చిన్నచుట్టు ఏదైనా ఉంటే అందులో నంబర్లు పెరుగుతూ పోయి మొదటి ఊరికే తిరిగి రావాలి. తన నంబరు తన కంటే ఎక్కువ ఉండదు కదా, కాబట్టి ఆ చుట్టు నిలవదు. 42 ఊళ్లకు ఈ షరతులు 1,640 మాత్రమే. లక్షల కోట్ల పక్కన ఇది ఎంత చిన్నది! నేర్చుకునేవాళ్లకు, ఊళ్లు కొద్దిగా ఉన్న లెక్కలకు ఇది హాయిగా సరిపోతుంది.

ఊళ్లు పెరిగితే మాత్రం ఇది నీరసిస్తుంది. భిన్నాలను ఒప్పుకున్న లెక్కలో ఏం జరుగుతుందో చూద్దాం. 42 ఊళ్లున్నప్పుడు అన్ని ఊళ్లకూ ఒకే వరస నంబరు ఇచ్చేస్తే, పై షరతు చెప్పేది ఒక్కటే, స్విచ్ విలువ 41/42 దాటకూడదని. అంటే దాదాపు పూర్తిగా ఆన్ అయిన చిన్నచుట్టు కూడా దర్జాగా నిలబడుతుంది. కాస్తంత మిగులు మాత్రం ఇంటి మీదుగా పారుతుంది. ఫలితంగా హద్దు పైకి లేవదు, కంప్యూటర్ చీల్చి చూడాల్సిన లెక్కలు గుట్టలుగా పెరుగుతాయి. గీత గీసే షరతు అదే చుట్టును భిన్నాల్లోనే అడ్డగిస్తుంది. షరతులు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఒక్కోటి ఎంత గట్టిగా బిగుస్తుందన్నది చూడాలి. ఈ విషయంలో పాత పద్ధతే మేలు.

అలాగని ఏ పద్ధతికైనా హద్దులున్నాయి. ఇక్కడ చెప్పిన లెక్క రాకపోకల దూరం ఒకటే అనుకుంటుంది. వన్‌వే రోడ్లున్న నగరంలో ప్రతి జతకు రెండు స్విచ్‌లు కావాలి, ఊరికి రెండు దారులన్న షరతు కూడా రాకకు ఒకటి, పోకకు ఒకటిగా విడిపోతుంది. దుకాణం పదింటి తర్వాతే తెరుస్తారు, వ్యానులో ఇంత సరుకే పడుతుంది లాంటివి చేరితే అది వేరే సమస్య, ఇంకా కఠినమైనది. ఊళ్లు ఎన్ని ఉన్నా ఖాయంగా త్వరగా ముగుస్తుందని హామీ ఇచ్చే పద్ధతి ఇప్పటిదాకా ఎవరి చేతికీ చిక్కలేదు.

ఆ హామీ లేకుండానే ఈ దారి చాలా దూరం వెళ్లింది. డేవిడ్ యాపిల్‌గేట్, రాబర్ట్ బిక్స్‌బీ, వాషెక్ ఖ్వాతల్, విలియం కుక్ కలిసి రాసిన కాంకార్డ్ అనే ప్రోగ్రామ్ ఇదే పద్ధతి మీద నడుస్తుంది. తక్కువ షరతులతో మొదలుపెట్టి, తప్పినవాటిని వెతికి, చేర్చి, మళ్లీ లెక్క చేస్తుంది. 2004లో స్వీడన్‌లోని 24,978 ఊళ్లను చుట్టే అతి చిన్న దారిని దీని సాయంతో తేల్చారు. 2006లో ఒక కంప్యూటర్ చిప్ మీది 85,900 బిందువుల చుట్టు కూడా రుజువుతో సహా తేలింది. ఆ లెక్కలో కూడా మొదటి మెట్టు ప్రతి బిందువుకూ రెండు దారులన్న సమీకరణమే, రెండో మెట్టు 1954 నాటి ఆ గీతే.